ఇంటికి అద్దె కట్టారు, ఇల్లాలిని వదిలేశారు

జాతీయ గణాంక కార్యాలయంలో జాతీయ ఆదాయం లెక్కలు కట్టే అధికారులకు,

నమస్కారం.

నేను డిగ్రీ విద్యార్థులకు అర్థశాస్త్రం చెబుతాను. ఏటా జాతీయ ఆదాయం పాఠం దగ్గరకు వచ్చేసరికి క్లాసులో ఎవరో ఒకరు, ఎక్కువగా ఆడపిల్లలే, ఒకే ప్రశ్న అడుగుతారు: "మేడం, మరి అమ్మ చేసే పని?" దీనికి పాఠ్యపుస్తకంలో ఒక్క వాక్యం జవాబు ఉంది. గృహిణుల సేవలకు మార్కెట్ ధర లేదు కాబట్టి వాటిని లెక్కించరు. పరీక్షలో అలా రాస్తే మార్కు పడుతుంది. కానీ అది నిజం కాదు, కాదని నాకంటే మీకే బాగా తెలుసు. మార్కెట్‌కు రానివి, ఎవరూ ఎవరికీ డబ్బు చెల్లించనివి చాలానే మీరు ఏటా లెక్కగట్టి జీడీపీలో కలుపుతున్నారు. కలపడం తప్పని నేను అనడం లేదు. వేటిని కలిపారు, వేటి దగ్గర ఆగిపోయారు, అక్కడే ఎందుకు ఆగారు అని అడగడానికే ఈ లేఖ.

సొంతింటితోనే మొదలుపెడతాను. సొంత ఇంట్లో ఉండేవాళ్లు ఎవరికీ అద్దె కట్టరు. అయినా ఆ ఇంటిని అద్దెకిస్తే ఎంత వచ్చేదో, లేదా ఆ ఇంటిని నిలబెట్టుకోవడానికి ఏడాదికి ఎంత ఖర్చవుతుందో అంచనా వేసి, ఆ మొత్తాన్ని ఇంటి యజమాని తనకు తానే అందించుకున్న నివాస సేవగా మీరు జీడీపీలో చేరుస్తారు. పల్లెల్లో అద్దె ఇళ్లే అరుదు, పోల్చుకోవడానికి ధర దొరకదు. అయినా మీరు చేతులెత్తేయలేదు. ఇంటి ఖర్చును బట్టి విలువ కట్టే పద్ధతి ఒకటి వెతుక్కున్నారు. అంతర్జాతీయ నియమావళి అయిన 'సిస్టమ్ ఆఫ్ నేషనల్ అకౌంట్స్', మనం పొట్టిగా ఎస్‌ఎన్‌ఏ అనుకుందాం, ఇందుకు ఒక మంచి కారణం చెబుతుంది. కొన్ని దేశాల్లో జనం ఎక్కువగా అద్దె ఇళ్లలో ఉంటారు, కొన్నింటిలో సొంత ఇళ్లలో. సొంత ఇళ్లను వదిలేస్తే దేశాల మధ్య పోలిక, ఒకే దేశంలో కాలాల మధ్య పోలిక కూడా తప్పుతాయి.

చక్కటి తర్కం. మరి కొన్ని దేశాల్లో జనం ఎక్కువగా హోటళ్లలో తింటారు, పిల్లల్ని క్రెష్‌లో వదులుతారు, ముసలివాళ్లను నర్సింగ్ హోముల్లో ఉంచుతారు. కొన్నింటిలో ఇవన్నీ ఇంట్లోనే జరుగుతాయి. ఇంటి పనిని వదిలేస్తే దేశాల మధ్య, కాలాల మధ్య పోలిక తప్పదా? ఇటుకలకు సరిపోయిన తర్కం ఆ ఇటుకల మధ్య జరిగే పనికి ఎందుకు సరిపోదు? ఇంటిని చూసి ఇల్లాలిని చూడమన్నారు పెద్దవాళ్లు. మీరు ఇంటిని చూసి అక్కడే ఆగిపోయారు.

ఏది లెక్కలోకి వస్తుంది, ఏది రాదు అనే ఈ గీత ఎక్కడ పడిందో తెలియాలంటే ఒక మనిషి రోజును తీసుకుని చూడాలి. మా ఖమ్మం జిల్లాలో ఏదో ఒక ఊళ్లో ఒక ఇల్లాలిని ఊహించుకోండి. ఒక గేదె, ఇద్దరు పిల్లలు, మంచం పట్టిన అత్తగారు, కూలి పనికి వెళ్లే భర్త. గ్యాస్ ఉంది, కానీ సిలిండర్ ధర చూసి నీళ్లు కాగబెట్టడానికి ఇంకా కట్టెల పొయ్యే వాడుతుంది. తెల్లవారుజామున లేచి గేదె పాలు పితుకుతుంది. ఆ పాలు అమ్మినా, ఇంట్లోనే తాగినా వాటి విలువ జీడీపీలో ఉంటుంది. పేడ ఎత్తి పిడకలు కొడుతుంది. పిడకలు కూడా పశుసంపద ఉత్పత్తి కింద మీ లెక్కలో ఉంటాయి. చెలక గట్టు నుంచి కట్టెలు తెస్తుంది. వంటచెరకు అటవీ ఉత్పత్తి కాబట్టి అదీ ఉంటుంది. వెన్న తీస్తే, ధాన్యం దంచితే, వేసవిలో మామిడికాయ ముక్కలు ఎండబెట్టి పచ్చడి పెడితే, ఎస్‌ఎన్‌ఏ నియమం ప్రకారం అవన్నీ ఉత్పత్తే. మొత్తం సరఫరాలో వాటి వాటా చెప్పుకోదగ్గంత ఉంటే లెక్కించాల్సిందే.

ఇక గీతకు అవతలి వైపు చూడండి. ఆమె ఆ పిడకలతో పొయ్యి వెలిగించింది. పాలు కాచి బిడ్డకు పట్టింది. దంచిన బియ్యం వండి, పచ్చడి వేసి అందరికీ పెట్టింది. అత్తగారిని పక్కకు తిప్పి, ఒళ్లు తుడిచి, పక్కబట్ట మార్చింది. పిల్లవాడికి జ్వరం వస్తే రాత్రంతా తడిగుడ్డ వేస్తూ కూర్చుంది. ఇందులో ఒక్క నిమిషానికి కూడా జీడీపీలో చోటు లేదు. సొంత వాడకానికి చేసుకున్నది వస్తువైతే లోపలికి రావచ్చు, సేవైతే రాకూడదు. సేవల్లో మినహాయింపులు రెండే. ఒకటి ఇందాక చెప్పిన సొంతింటి అద్దె, రెండోది జీతమిచ్చి పెట్టుకున్న పనిమనిషి సేవ. ఇదే వంట, ఇదే తుడుపు పక్కింటి ఆమె వచ్చి నెలకింత అని చేసిపెడితే ఉత్పత్తి. ఇంటామె చేసుకుంటే ఏమీ కాదు. పాలపొడి డబ్బా ఉత్పత్తే గానీ తల్లి పాలు కాదు.

1920 నాటికే ఆర్థికవేత్త ఆర్థర్ పిగూ ఈ తిరకాసును గుర్తించాడు. తన ఇంట్లో పనిచేసే మనిషిని యజమాని పెళ్లి చేసుకుంటే జాతీయ ఆదాయం తగ్గుతుందని రాసి, ముందుకు సాగిపోయాడు. 1934లో మార్గరెట్ రీడ్ అనే ఆర్థికవేత్త అక్కడ ఆగి, ఒక పరీక్ష పెట్టింది. డబ్బిచ్చి మరొకరి చేత చేయించుకోగలిగిన పని ఏదైనా ఉత్పత్తే. నీ బదులు వేరొకరు నిద్రపోలేరు, నీ బదులు తినలేరు, కాబట్టి అవి ఉత్పత్తి కావు. నీ బదులు వండగలరు, ఉతకగలరు, రోగిని చూసుకోగలరు, కాబట్టి అవి ఉత్పత్తి. ఎస్‌ఎన్‌ఏ కూడా దీన్ని కాదనదు. వంట, పిల్లల పెంపకం స్థూలార్థంలో ఉత్పాదక కార్యకలాపాలే అని ఒప్పుకుని, ఆ వెంటనే లోపల ఇంకో చిన్న గీత గీసి, మేం లెక్కించేది దీని లోపలున్నదే అంటుంది. ఒప్పుకుని మరీ పక్కన పెట్టడం అన్నమాట.

వస్తువుల దగ్గరైనా ఆమెకు న్యాయం జరిగిందా అంటే అదీ లేదు. ఆమె తెచ్చిన కట్టెల విలువ జీడీపీలో పడింది సరే, మరి ఆమె? మీ కార్యాలయమే చేసే శ్రామిక సర్వేలో ప్రతి మనిషికీ ప్రధాన కార్యకలాపానికి ఒక కోడ్ వేస్తారు. ఇంటి పని మాత్రమే చేస్తే 92. ఇంటి పనితోపాటు కట్టెలు, కూరాకు, పశువుల మేత ఏరుకురావడం, ఇంటి వాడకానికి కుట్టడం, నేయడం లాంటివి చేస్తే 93. రెండు కోడ్‌లూ శ్రామిక శక్తికి బయటివే. అంటే ఒక విభాగం పుస్తకంలో కట్టెలు ఉత్పత్తి, ఇంకో విభాగం పుస్తకంలో ఆ కట్టెలు తెచ్చిన మనిషి పనిలో లేని మనిషి. ఉత్పత్తి ఉంది, ఉత్పత్తి చేసినవాళ్లు లేరు. అదే ఇల్లాలు గేదె పాలు కొన్ని కేంద్రంలో పోస్తోందని సర్వేయర్ గుచ్చి గుచ్చి అడిగితే, జీతం లేని కుటుంబ సహాయకురాలిగా కోడ్ 21 పడొచ్చు, అప్పుడు ఆమె శ్రామికురాలు. అడగకపోతే 93. గేదె మారలేదు, మనిషి మారలేదు, అడిగిన తీరు మారింది. మీ సర్వేల్లోనే 15 ఏళ్లు దాటిన స్త్రీల శ్రామిక భాగస్వామ్యం 2017-18లో 23.3 శాతం, 2023-24లో 41.7 శాతం. ఈ పెరుగుదలలో కొత్తగా దొరికిన పని ఎంత, ఇదివరకే ఉండి ఇప్పుడు కంటికి ఆనిన పని ఎంత అన్న వాదన ఆర్థికవేత్తల్లో ఇంకా తెగలేదు. 21కీ 93కీ మధ్య గోడ అంత పల్చగా ఉంటే తెగడం కష్టమే మరి.

సేవలను వదిలేయడానికి ఎస్‌ఎన్‌ఏ 2008 మూడు కారణాలు చెబుతుంది. అవి ఉత్త సాకులని కొట్టిపారేయను. ఒక్కోదాన్నీ తీసుకుని చూద్దాం.

మొదటిది, ఇంటి పని మార్కెట్‌తో పెద్దగా సంబంధం లేకుండా విడిగా సాగుతుందట, అక్కడ ఎంత మారినా మిగతా ఆర్థిక వ్యవస్థపై ప్రభావం తక్కువట. 2020 ఏప్రిల్-జూన్ మూడు నెలలు గుర్తు చేసుకోండి. జీడీపీ 23.9 శాతం పడిపోయిందని మీరే తొలి అంచనా ఇచ్చారు. హోటళ్లు, బడులు, క్రెష్‌లు మూతబడ్డాయి. ఆ పని మాయమైపోయిందా? మూడు పూటలా ఇంట్లోనే వంట, పిల్లలకు ఇంట్లోనే చదువు, పనిమనిషి రాక అంట్లన్నీ ఇంట్లోనే, ఎవరికైనా పాజిటివ్ వస్తే ఇల్లే వార్డు. ఉత్పత్తిలో ఒక భాగం ఆగిపోలేదు, లెక్కలోంచి ఇంట్లోకి తరలింది. ఆ మూడు నెలల్లో దేశం నిజంగా ఎంత కోల్పోయింది, ఎంత బరువు ఎవరి నెత్తి మీదికి మారింది అన్నది మీ పట్టికల్లో వెతికినా దొరకదు.

కరోనా దాకా పోనక్కర్లేదు, ఏ ప్రభుత్వాసుపత్రికైనా వెళ్లండి. రోగితోపాటు ఒకరు ఉండి తీరాలంటారు. ఆ ఒకరికి అటెండెంట్ పాస్ ఇస్తారు. సెలైన్ అయిపోతే నర్సును పిలవడం, మూత్రం సంచి చూసుకోవడం, శాంపిల్ పట్టుకుని ల్యాబ్‌కు నడవడం, అన్నం తినిపించడం, రాత్రి కింద చాప వేసుకుని పడుకోవడం ఆ మనిషి పని. ఎక్కువసార్లు ఆ మనిషి తల్లి, భార్య, కూతురు, కోడలు. ఇప్పుడు ఒక ఆసుపత్రిలో ఆపరేషన్ తర్వాత ఐదు రోజులు ఉంచేవాళ్లు మూడో రోజే పంపించేస్తున్నారనుకోండి. పడకలు త్వరగా ఖాళీ అవుతాయి, ఒక్కో రోగి మీద ఖర్చు తగ్గుతుంది, సామర్థ్యం పెరిగిందని నివేదిక వస్తుంది. మిగిలిన రెండు రోజుల నర్సింగ్ ఎక్కడికీ పోలేదు. అది ఇంటికి వచ్చింది. అందుకోసం ఒక ఆడమనిషి రెండు రోజుల కూలి మానుకుంది. ఆ పోయిన కూలి మాత్రం జీడీపీలో తగ్గుదలగా కనిపిస్తుంది, ఆమె చేసిన నర్సింగ్ కనిపించదు. ఆసుపత్రి పొదుపు చేసిందా, ఖర్చును ఒకరి ఒడిలోకి నెట్టిందా అని తేల్చే సాధనం మన దగ్గర లేదు. ఇంత ముడిపడి ఉన్నదాన్ని విడిగా ఉందని ఎలా అంటాం?

రెండో కారణం, ధర కట్టడం కష్టమన్నది. కష్టమే. కానీ అద్దెకే ఇవ్వని పల్లెటూరి ఇంటికి అద్దె కట్టడం కన్నా, పక్క వీధిలోనే నెల జీతానికి మనిషి దొరికే వంటకు ధర కట్టడం కష్టమా? ఆ సంగతి కాసేపట్లో వివరంగా చూద్దాం.

మూడోది అన్నింటికన్నా నిజాయితీ గల కారణం. ఇంటి సేవలన్నీ కలిపితే పెద్దవాళ్లంతా దాదాపుగా ఆర్థికంగా చురుకైనవాళ్లే అవుతారు, నిరుద్యోగం అన్న మాటకే అర్థం ఉండదు, ద్రవ్యోల్బణం, మాంద్యం లాంటివి పసిగట్టడానికి జీడీపీ పనికిరాదు. దీన్ని నేను చాలావరకు ఒప్పుకుంటాను. డబ్బు చేతులు మారని పెద్ద మొత్తాన్ని జీడీపీలో కలిపేస్తే రిజర్వ్ బ్యాంకు వడ్డీ రేటు నిర్ణయానికి, పన్నుల అంచనాకు అడ్డు తగులుతుంది. స్త్రీవాదుల్లో కొందరు జీడీపీలోనే కలపాలంటారు, ఆ కోరికలోని కోపం నాకు అర్థమవుతుంది. కానీ నేను అడిగేది అది కాదు. జీడీపీ పక్కనే, అదే నియమాలతో, అదే యూనిట్లలో, అదే కాలానికి ఇంటి ఉత్పత్తి ఖాతా ఒకటి నడవాలి. దాన్ని అనుబంధ ఖాతా అంటారు. 2025లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన కొత్త ఎస్‌ఎన్‌ఏ కూడా ఇంటి సేవలను అసలు గీత బయటే ఉంచి, వాటికి విస్తృత ఖాతాలు వేయమని దేశాలకు సూచిస్తోంది. కొలంబియా 2010లోనే ఇందుకోసం చట్టం చేసింది. మెక్సికో గణాంక సంస్థ ఏటా ఈ ఖాతా విడుదల చేస్తోంది, అక్కడ దీని విలువ జీడీపీలో సుమారు నాలుగో వంతు. వీటికి కావాల్సిన ముడిసరుకు మీ దగ్గర లేదా అంటే, ఉంది.

ఈ విషయంలో మిమ్మల్ని మెచ్చుకోవాల్సిందే. 1970ల్లో ఆర్థికవేత్త దేవకీ జైన్ లాంటివాళ్లు రాజస్థాన్, పశ్చిమ బెంగాల్ ఊళ్లలో కూర్చుని ఎవరు ఎన్ని గంటలు ఏం చేస్తున్నారో రాసుకున్నారు. 1998-99లో మీ శాఖ ఆరు రాష్ట్రాల్లో ప్రయోగాత్మకంగా సమయ వినియోగ సర్వే చేసింది. వాటిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ లేదు. తర్వాత ఇరవై ఏళ్లకు 2019లో దేశవ్యాప్త సర్వే, మళ్లీ 2024లో మరోటి. ఉదయం నాలుగింటి నుంచి మర్నాడు ఉదయం నాలుగింటి వరకు, రోజును అరగంటలుగా విడగొట్టి, ఆరేళ్లు దాటిన ప్రతి ఒక్కరినీ అడిగారు. 2024 సర్వేలో దాదాపు 4 లక్షల 54 వేల మంది వివరాలున్నాయి. ఇంటి పని చేసిన స్త్రీలు అందులో సగటున రోజుకు 289 నిమిషాలు గడిపారు, చేసిన మగవాళ్లు 88 నిమిషాలు. పిల్లల్ని, పెద్దల్ని చూసుకునే పనిలో పాల్గొన్న స్త్రీలకు 137 నిమిషాలు, మగవాళ్లకు 75. 15 నుంచి 59 ఏళ్ల స్త్రీలకు ఇంటి పని 2019లో 315 నిమిషాలుంటే 2024లో 305. గ్యాస్, నల్లా నీళ్లు, మిక్సీ అన్నీ వచ్చిన ఐదేళ్లలో పది నిమిషాలు తగ్గిందన్నమాట. ఇది మీ లెక్కే.

ఈ సర్వే పరిమితులు కూడా చెప్పుకోవాలి. ఇది మనిషి నిన్నటి రోజును గుర్తు తెచ్చుకుని చెప్పే లెక్క. పది నిమిషాల లోపు పనులు నమోదు కావు, ఇంటి పని నిండా ఉండేవి అలాంటివే. ఒకే అరగంటలో కూర కలుపుతూ, చంకలో బిడ్డను మోస్తూ, పెద్దపిల్లకు ఎక్కాలు అప్పజెప్పించుకుంటే మూడు పనులు రాసుకునే వీలుంది గానీ రోజు ఇరవై నాలుగు గంటలు దాటకూడదు కాబట్టి ఆ మూడూ అరగంటలోనే ఇరుక్కోవాలి. ఇంకా చిక్కైనది, ఏ పనీ చేయకుండా కాపలాగా ఉండటం. అత్తగారు మంచంలో ఉంటే కోడలు ఆ రోజు ఊరు దాటి వెళ్లలేదు. ఆ సమయంలో ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతోందని రాస్తారు, కట్టుబడి ఉందని రాయరు. అడిగితే ఆమె కూడా "ఖాళీగానే ఉన్నానండీ" అంటుంది. కాబట్టి మీ 137 నిమిషాలు తప్పితే తక్కువ వైపే తప్పుతాయి.

ఇప్పుడు ధర. గంటలను రూపాయలుగా మార్చడానికి ప్రధానంగా రెండు దారులున్నాయి. ఆ పనిని వేరొకరి చేత చేయిస్తే ఎంతవుతుందన్నది ఒకటి, ఆ సమయంలో ఆమె బయట పనిచేస్తే ఎంత సంపాదించేదన్నది రెండోది. ఇంటి పని, సంరక్షణ రెండూ చేసే ఒక స్త్రీకి కలిపి రోజుకు ఏడు గంటలు అనుకుందాం. ఆదివారాలు లేవు కాబట్టి ఏడాదికి 2,555 గంటలు. ఇంటి పనిమనిషికి గంటకు 40 రూపాయలని ఊహిస్తే ఏడాదికి 1,02,200. అందులో రెండు గంటలను రోగిని చూసుకునే మనిషి రేటుకు, గంటకు 80 చొప్పున కడితే 1,31,400. ఆమె నెలకు 25 వేల ఉద్యోగం మానేసిన గ్రాడ్యుయేట్ అయితే, రెండో దారిలో గంటకు సుమారు 125 పడుతుంది, ఏడాదికి 3,19,375. రేట్లు నేను ఉదాహరణకు తీసుకున్నవే. కానీ తేడా ఎంతుందో చూడండి. రెండో దారిలో వెళ్తే డిగ్రీ చదివినామె కాచిన గంజి, చదువుకోనామె కాచిన గంజి కన్నా మూడు రెట్లు విలువైనదని తేలుతుంది. గంజికి మాత్రం ఆ సంగతి తెలియదు. అందుకే నేను మొదటి దారినే ఎంచుకుంటాను.

మొదటి దారిలోనూ ఒక ముల్లుంది. ఇంటి పనిమనిషి కూలి మన దేశంలో ఎందుకంత తక్కువ? అది 'ఆడవాళ్లు ఊరికే చేసే పని' కాబట్టి. ఆ పనికి వచ్చేవాళ్లలో దళిత, వెనుకబడిన కులాల పేద స్త్రీలు ఎక్కువ కాబట్టి. ఊరికే చేయించుకునే అలవాటే కూలిని తొక్కిపట్టింది, తొక్కిపట్టిన ఆ కూలితోనే ఊరికే చేసే పనికి విలువ కడతాం. 2023లో భారతీయ స్టేట్ బ్యాంకు పరిశోధకులు స్త్రీల వేతనం లేని పని విలువను సుమారు 22.7 లక్షల కోట్ల రూపాయలుగా, జీడీపీలో దాదాపు 7.5 శాతంగా అంచనా వేశారు. బ్రిటన్ గణాంక కార్యాలయం 2016కు వేసిన అంచనాలో ఇంటి ఉత్పత్తి అక్కడి జీడీపీలో 63 శాతం. రెండింటిలో కలిపినవి వేరు, పద్ధతులు వేరు, నేరుగా పోల్చకూడదు. కానీ ఎంత కూలి అనుకున్నామో అంత శాతం వస్తుందన్న సంగతి మాత్రం వీటిని చూస్తే తెలుస్తుంది. కాబట్టి రూపాయల అంకె ఒక్కటే ఎప్పుడూ వేయకండి. గంటలు ముందు, రూపాయలు తర్వాత, ఏ రేటు వాడారో దాని పక్కనే ఉండాలి. వంట, శుభ్రం, పిల్లలు, రోగులు అంటూ పని వారీగా రేట్లు వేస్తే మరీ మంచిది.

మీరు ధర కట్టనన్న చోట కోర్టులు కట్టక తప్పలేదు. ప్రమాదంలో గృహిణి చనిపోతే పరిహారం ఎంతివ్వాలి? మోటారు వాహనాల చట్టంలోని పట్టిక చాలాకాలం సంపాదన లేని భార్య ఆదాయాన్ని భర్త ఆదాయంలో మూడో వంతుగా చూసింది. కలెక్టర్ భార్య వంట, కూలీ భార్య వంట కన్నా ఖరీదైనదన్నమాట. లతా వాధ్వా కేసులో 2001లో సుప్రీంకోర్టు గృహిణి సేవలకు నెలకు 3,000 రూపాయలు ఖాయం చేసింది. నా 2,555 గంటలతో భాగిస్తే గంటకు 14 రూపాయలు. 2010లో అరుణ్ కుమార్ అగర్వాల్ కేసులో, జనగణన గృహిణులను బిచ్చగాళ్లు, ఖైదీలతో ఒకే గాటన కట్టి పనిచేయనివాళ్లుగా చూపడాన్ని జస్టిస్ గంగూలీ తప్పుబట్టారు. 2021 జనవరిలో కీర్తి కేసులో తెలుగువారైన జస్టిస్ ఎన్.వి. రమణ తన విడి తీర్పులో మీ 2019 సర్వే అంకెలనే, ఇంటి పనికి స్త్రీలవి 299 నిమిషాలు, మగవాళ్లవి 97 నిమిషాలు అన్నవాటినే, ఉటంకించారు. మీ అంకెలు పరిహారం తేల్చే కోర్టుకు పనికొచ్చాయి. ఆమె బతికుండగా వాటిని వాడుకునే లెక్క మాత్రం మీ పుస్తకాల్లో లేదు.

ఒక భయం కూడా చెప్పాలి. రూపాయల అంకె వచ్చాక ఏదో ఒక మార్చి 8న వేదిక మీద 'మన తల్లులు జీడీపీకి ఇన్ని లక్షల కోట్లు ఇస్తున్నారు' అని చప్పట్లు కొట్టించుకుని, ఊళ్లో అంగన్‌వాడీ మధ్యాహ్నానికే మూసేస్తే అడిగేవాడు ఉండడు. అంగన్‌వాడీ టీచరుకు, ఆశా కార్యకర్తకు ఇచ్చేదాన్ని జీతమనకుండా గౌరవ వేతనమనే ప్రభుత్వం నుంచి ఇది ఊహించని విషయమేం కాదు. గృహిణికి నెలకింత ఇవ్వమని కూడా నేను అడగటం లేదు. అది వేరే చర్చ, ఆ డబ్బు ఆమెను పొయ్యి దగ్గరే ఇంకా గట్టిగా కట్టేస్తుందని భయపడేవాళ్లు స్త్రీవాదుల్లోనే ఉన్నారు. నాకు ఖాతా కావాల్సింది పొగడటానికి కాదు, పద్దు అడగటానికి. ఒక పథకం ఎవరి గంటలు తగ్గించింది, ఎవరి గంటలు పెంచింది అని నిలదీయడానికి.

ఇదెలా పనికొస్తుందో ఒక ఉదాహరణ చెబుతాను. ఇందాకటి ఇల్లాలికి గ్యాస్ సబ్సిడీ పెరిగి కట్టెలు మానేసిందనుకోండి. ఇప్పటి లెక్కలో కట్టెల విలువ జీడీపీలోంచి తగ్గుతుంది, సిలిండర్ విలువ చేరుతుంది. రోజుకో గంట ఆమెకు మిగిలింది, ఆ గంటకు ఏ వరుసలోనూ చోటు లేదు. అనుబంధ ఖాతాలో అయితే కట్టెలకు పోయే గంట తగ్గడం, అది నిద్రకు పోయిందా, కూలికి పోయిందా, అత్తగారి సేవకే పోయిందా అన్నది కూడా కనిపిస్తుంది. అదే ఊళ్లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం మూసేస్తే ఎదురు లెక్క కనిపిస్తుంది. బడ్జెట్ వేసేవాళ్లకు అది కనిపించాలి.

జీడీపీ ఆధార సంవత్సరాన్ని 2011-12 నుంచి 2022-23కి మార్చే పనిని మీ శాఖ చేపట్టింది. ఆధార సంవత్సరం మారేటప్పుడే కొత్త వనరులు, కొత్త పద్ధతులు లోపలికి వస్తాయి, కాబట్టి ఈ సందర్భంలో అడుగుతున్నాను. 2019, 2024 సర్వేల గంటలతో రెండు ఏళ్లకు ఇంటి ఉత్పత్తి ఖాతా వేసి ప్రయోగాత్మకంగానైనా విడుదల చేయండి. స్త్రీ, పురుషులకు విడివిడిగా, పల్లె, పట్నాలకు విడివిడిగా, రాష్ట్రాల వారీగా వేయండి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ వరుసలు మా విద్యార్థులతో నేనే చదివిస్తాను. సమయ వినియోగ సర్వేను ఐదేళ్లకోసారి కాకుండా మూడేళ్లకోసారి చేయండి, మధ్య ఏళ్లలో శ్రామిక సర్వేలో నాలుగైదు ప్రశ్నలు చేర్చి సరిచూసుకోవచ్చు. కాపలా సంరక్షణకు విడి ప్రశ్న పెట్టండి: "నిన్న మీరు ఇల్లు వదిలి వెళ్లలేని సమయం ఎంత, ఎవరి కోసం?" అని. కోడ్ 93 పడినవాళ్లు తెచ్చిన కట్టెలు, మేత జీడీపీలో ఉన్నప్పుడు వాళ్లను శ్రామికుల పట్టికలో ఎందుకు చూపరో మీ పద్ధతుల పుస్తకంలో ఒక పేరా రాయండి. రాయడానికి కూర్చుంటే అది ఎంత కష్టమో మీకే తెలుస్తుంది.

ఈ ఖాతా మొదటి విడుదల ఏ ఆర్థిక సంవత్సరానికి వస్తుందో, ఏ కూలి రేట్లు వాడతారో, ఎవరిని సంప్రదిస్తారో తెలియజేయమని కోరుతున్నాను. ఆ కమిటీలో ఇంటి పనిమనుషుల సంఘాల వాళ్లు, అంగన్‌వాడీ యూనియన్ వాళ్లు కూడా ఉండేలా చూడండి. రేటు గురించి మీకన్నా నాకన్నా వాళ్లకే ఎక్కువ తెలుసు.

ఇట్లు,
ఒక అర్థశాస్త్ర అధ్యాపకురాలు,
ఖమ్మం